కసూర్ చెయ్యిది కాదు, చక్రానిది

ఈసారి ఒక మౌస్ గురించి రాస్తున్నా. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మా భాంజీ ఒక గోడౌన్ ఆఫీసులో స్టాక్ ఎంట్రీ చేస్తుంది. మా సత్యవేడు నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయి, మగ్రిబ్ దాటాక ఇల్లు చేరుతుంది. ఆ మధ్య ఒకరోజు ఇంటికొచ్చి బుర్ఖా కూడా తీయకుండా గోడకానుకుని కూర్చుంది. మా చెల్లి నాలుగుసార్లు అడిగితే చెప్పింది. ఒక వరుసలో ఎక్కించాల్సిన డబ్బాల లెక్క పై వరుసలో ఎక్కిందట. అట్లా ఒకసారి కాదు, నెలలో మూడుసార్లు. రెండు రోజుల జీతం కోశారు. కోసినందుకు కాదు ఆ పిల్ల ఏడ్చింది. "నీ ధ్యాసంతా ఫోన్ మీద ఉంటాది" అని పదిమంది ముందర అన్నందుకు ఏడ్చింది.

"మామూ, నేను సరైన వరుస మీదే బాణం గుర్తు పెట్టినా. నొక్కేలోగా తెర కదిలిపోయింది. నేను కిందికి తిప్పితే అది పైకి పోతాది ఒక్కోసారి" అంది.

ఆ మౌస్ ఆఫీసుది కాదు. అక్కడి మౌస్ దాని చిన్న చేతికి పెద్దదైపోతుందని, ఇంటర్ చదివేటప్పుడు కొనిచ్చిన మౌస్‌నే ఇంటి నుంచి తీసుకుపోతోంది. అంటే ఇల్జామ్ పూర్తిగా పిల్ల మీదే పడింది. మౌస్ నీది, చెయ్యి నీది, తప్పు నీది. ఫైసలా అయిపోయింది.

ఆ ఫైసలా మీదే నా గుస్సా. ఎవరూ సబూత్ అడగలేదు. ఒక్కరూ ఆ చక్రాన్ని పదిసార్లు తిప్పి చూడలేదు.

మరుసటి రోజు దాన్ని ఒక కంప్యూటర్ దుకాణానికి తీసుకుపోయినా. దుకాన్‌దార్ చేత్తో కూడా పట్టుకోలేదు. "స్క్రోల్ పోయిందా? అది బాగుపడదు భాయ్, పారేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. ఇంకో దుకాణంలో కుర్రాడు మంచోడు, తీసుకుని చక్రం సందులోకి ఏదో నూనె స్ప్రే కొట్టి, పది తిప్పులు తిప్పి, "అయిపోయింది, యాభై ఇవ్వండి" అన్నాడు. ఆ రోజంతా బాగానే పనిచేసింది. మూడో రోజుకి ముందుకంటే అధ్వానమైంది.

ఈ రెండు జవాబులూ గలత్ అని చెప్పడానికే ఈ రాత. పారేయమనేది ఒక ధోకా. తుడిస్తే సరిపోతుందనేది ఇంకో ధోకా. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది రెండు రోజులు నిజంలా కనబడుతుంది.

మా అబ్బా సత్యవేడు బజార్లో ట్రాన్సిస్టర్ రేడియోలు బాగుచేసేవాడు. నాకు సోల్డరింగ్ ఇనుము పట్టుకోవడం నేర్పిన ఉస్తాద్ ఆయనే. ఆయన ఒక మాట అనేవాడు: మర్జ్ ఏదో తెలియకుండా ఇలాజ్ మొదలుపెట్టేవాడు హకీమ్ కాదు, జూదగాడు అని. కాబట్టి ముందు మర్జ్ సంగతి చూద్దాం.

చక్రం ఉన్న మౌస్‌ని అందరి ఇళ్ళకీ తెచ్చింది 1996లో మైక్రోసాఫ్ట్ అమ్మిన ఇంటెలిమౌస్. ఇప్పటి మామూలు మౌస్‌లలో ఎక్కువవాటికి లోపలి ఏర్పాటు సుమారుగా ఒకటే. చక్రానికి ఒక పక్క ఆరు పలకల సన్నని ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు పోయి ఒక చిన్న డబ్బాలాంటి పార్టులో దూరుతుంది. చింతగింజకంటే కొంచెం పెద్దగా ఉంటుంది ఆ పార్టు. దాని పేరు ఎన్‌కోడర్. చక్రం తిప్పినప్పుడు వేలికి తగిలే టిక్, టిక్ అనే మెట్లు చాలావరకు దానిలోంచి వచ్చేవే.

ఎన్‌కోడర్ లోపల గాట్లున్న ఒక గుండ్రటి రేకు తిరుగుతుంది. దాన్ని రాసుకుంటూ సన్నని స్ప్రింగు తీగల్లాంటి కాళ్ళు మూడుంటాయి. ఒకటి అందరికీ ఉమ్మడి. మిగతా రెండింటిని ఇద్దరు పిల్లలనుకోండి, పెద్దోడు, చిన్నోడు. చక్రం కిందికి తిప్పితే ముందు పెద్దోడు తలుపు కొడతాడు, వెనకే చిన్నోడు కొడతాడు. పైకి తిప్పితే ముందు చిన్నోడు, తర్వాత పెద్దోడు. లోపలున్న చిప్‌కి చక్రం కనబడదు. ఎవరు ముందు కొట్టారన్నది మాత్రమే వినబడుతుంది. దాన్ని బట్టే కిందికా పైకా అని తేలుస్తుంది.

ఇప్పుడు పెద్దోడు కొట్టిన దెబ్బ మురికి వల్ల వినబడలేదనుకోండి. చిప్‌కి ముందు వినబడేది చిన్నోడి దెబ్బ. "ఓహో, పైకి తిప్పుతున్నారు" అనుకుంటుంది. మీరు కిందికి తిప్పుతున్నా పేజీ పైకి పోతుంది. ఒకే దెబ్బ వణికి మూడు నాలుగు దెబ్బలుగా వినబడితే పేజీ ఎగిరి దూకుతుంది. అంతే. ఇందులో జిన్నూ లేదు, వైరస్సూ లేదు. కంప్యూటర్‌ని ఫార్మాట్ చేస్తే ఇది పోదు. ఫార్మాట్ చేయమని చెప్పినోళ్ళూ ఉన్నారు, అందుకే రాస్తున్నా.

మురికి ఎక్కడినుంచి వస్తుందంటే సగం బయటి దుమ్ము, చేతి జిడ్డు. సగం లోపలిదే. చక్రం నున్నగా తిరగడానికి కంపెనీవాళ్ళు పెట్టిన గ్రీజు, ఏళ్ళ తరబడి రాసుకుని అరిగిన లోహపు పొడితో కలిసి నల్లటి ముద్దగా మారుతుంది. ఆ ముద్ద కాళ్ళకీ రేకుకీ మధ్య చేరుతుంది. ఇది మొదటి మర్జ్. రెండోది వేరే. రాపిడికి రేకు మీద గాడి పడుతుంది, కాళ్ళ స్ప్రింగు బలం తగ్గుతుంది. మొదటిది తుడిస్తే పోతుంది. రెండోది తుడిస్తే పోదు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఎట్లా పట్టాలన్నదే అసలు సవాల్.

పట్టడానికి లెక్క కావాలి. "అప్పుడప్పుడు ఎగురుతోంది" అంటే కుదరదు. నేను మొదట ఆ మౌస్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూసినా, అక్కడా అదే వరస. కాబట్టి కంప్యూటర్ తప్పు కాదు. వైరు లేని మౌస్ అయితే ముందు కొత్త బ్యాటరీ వేసి, రిసీవర్‌ని దగ్గరగా పెట్టి చూడాలి. ఇక్కడ వైరు మౌసే కాబట్టి ఆ అనుమానం లేదు. తర్వాత నోట్‌ప్యాడ్‌లో ఈ నాలుగు ముక్కలు రాసి, `wheel.html` అని పేరు పెట్టి సేవ్ చేసి, బ్రౌజర్‌లో తెరిచినా. ఇంటర్నెట్ అక్కర్లేదు.

```html
<body style="height:9999px"><h1 id="n" style="position:fixed">0 / 0</h1>
<script>
let d=0,u=0;
addEventListener("wheel",e=>{e.deltaY>0?d++:u++;n.textContent=d+" / "+u;});
</script>
```

తెర మీద రెండు అంకెలు కనబడతాయి. మొదటిది కిందికి పోయిన మెట్లు, రెండోది పైకి పోయినవి. చక్రాన్ని మీ వైపుకి, అంటే కిందికి, మెల్లగా ఒక్కో టిక్ లెక్కపెట్టుకుంటూ వంద తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్న చక్రం `100 / 0` చూపించాలి. చేతి లెక్క ఒకటి రెండు తప్పినా మొదటి అంకె కొంచెం అటూఇటూ అవుతుంది, అది పర్వాలేదు. రెండో అంకె మాత్రం సున్నా దాటకూడదు. మీరు ఒక్కసారి కూడా పైకి తిప్పలేదు కదా.

మా భాంజీనే కూర్చోబెట్టి తిప్పించినా. `84 / 9` వచ్చింది. వందలో తొమ్మిదిసార్లు చక్రం అబద్ధం చెప్పింది. ఇంకో ఏడు టిక్కులు అసలు వినబడనే లేదు. ఆ పిల్ల తెర వంక చూస్తూ, "అంటే నాది తప్పు కాదు కదా మామూ" అంది. రోజంతా వందల వరుసల మీద ఆ చక్రం తిప్పే మనిషికి నెలలో మూడే తప్పులు జరిగాయంటే, ఆ పిల్ల ధ్యాస ఎంత గట్టిదో అర్థం చేసుకోవాల్సింది పోయి జీతం కోశారు!

ఇక విప్పడం. ముందు మౌస్‌ని కంప్యూటర్ నుంచి తీసేయాలి. స్క్రూ పైకి కనబడకపోతే, కింద జారడానికి అంటించిన నల్లటి ప్యాడ్ల కిందో, స్టిక్కర్ కిందో దాక్కుని ఉంటుంది. ప్యాడ్‌ని వేడి గాలితో కొంచెం మెత్తబరిచి మెల్లగా ఎత్తితే మళ్ళీ అంటుకుంటుంది. పై చిప్ప తీసేటప్పుడు గుంజకండి. కొన్నింట్లో పై చిప్పకీ కింది బోర్డుకీ మధ్య సన్నని పట్టీ వైరు ఉంటుంది, తెగితే కథ అక్కడే ఖతం. చక్రం ఎట్లా కూర్చుందో తీసేముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తర్వాత చక్రాన్ని ఎత్తితే ఎన్‌కోడర్ కనబడుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. చక్రం పక్కన ఆరు పలకల రంధ్రమున్న డబ్బా కాకుండా, చక్రానికే కిటికీల్లా చీలికలుండి, దానికి అటొకటి ఇటొకటి చిన్న నల్లటి, తెల్లటి బుడ్డీలు నిలబడి ఉంటే అది వెలుతురుతో పనిచేసే రకం. అందులో రాపిడి లేదు. అటువంటి దానికి వెంట్రుకలు, దుమ్ము తీసి, ఆ బుడ్డీలను పొడి దూది పుల్లతో తుడిస్తే చాలావరకు సరిపోతుంది. మా భాంజీది రాపిడి రకమే. ఇప్పుడు ఇళ్ళల్లో ఉండే మామూలు మౌస్‌లలో ఎక్కువ ఈ రకమే.

తుడవడానికి కావాల్సింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు తక్కువ కలిసినది, 99 శాతం అని రాసి ఉన్నది. సిరంజితో రెండు మూడు చుక్కలు ఆరు పలకల రంధ్రం పక్క సందులోకి వేసి, చక్రం పెట్టి రెండు వైపులా ఓ యాభైసార్లు తిప్పాలి. నల్లటి నీళ్ళు బయటికొస్తే దూదితో అద్దేయాలి. ఇట్లా మూడుసార్లు. తర్వాత అరగంట ఆరనిచ్చి అప్పుడు కంప్యూటర్‌కి పెట్టాలి. ఇది నిప్పు అంటుకునే మందు. పొయ్యి దగ్గర, అగర్‌బత్తీ దగ్గర ఈ పని పెట్టుకోకండి.

కొబ్బరి నూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఇవేవీ పోయకూడదు. ఆ కుర్రాడు చేసింది అదే. నూనె ఆ పూటకి పాత ముద్దని కరిగిస్తుంది కాబట్టి బాగైనట్టు కనబడుతుంది. తర్వాత లోపలే పొరలా ఉండిపోయి కొత్త దుమ్ముని పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. యాభై రూపాయలు ఇచ్చి మర్జ్‌ని పెంచుకున్నామన్నమాట. చేతిలో అంతకంటే మంచిది లేనప్పుడు ఏమీ పోయకపోవడమే సహీ.

నేను ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టినాక మళ్ళీ వంద తిప్పించినా. `100 / 0`. ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. మా చెల్లి సేమియా వండింది.

అక్కడ ఆగిపోయి ఉంటే నేనూ ఆ స్ప్రే కుర్రాడిలాంటోడినే. ఇంటర్నెట్‌లో వీడియోలు పెట్టేవాళ్ళు సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. కడిగినారు, తిప్పినారు, "చూడండి బాగైపోయింది" అన్నారు, వీడియో అయిపోయింది. మూడు వారాల తర్వాత ఏమైందో ఎవరూ చూపించరు. నా మొత్తం జగడా ఈ మూడు వారాల గురించే. నేను భాంజీకి చెప్పినా, ఇది ఇంకా ఆఫీసుకి తీసుకుపోవద్దు, ఇంట్లోనే వాడి వారానికొకసారి వంద తిప్పి రాసిపెట్టు అని. మొదటి వారం `100 / 0`. రెండో వారం `99 / 1`. మూడో వారం `94 / 4`.

ఇదే తేడా పట్టే పద్ధతి. కడిగినాక నెలల తరబడి రెండో అంకె సున్నాగానే ఉంటే మర్జ్ మురికి మాత్రమే. వారాల్లోనే మళ్ళీ పైకి లేస్తుంటే పార్టు అరిగిపోయింది. ఎన్నిసార్లు కడిగినా అదే జరుగుతుంది, ప్రతిసారీ గడువు తగ్గుతూ పోతుంది. కడగడం పరీక్ష మాత్రమే అనుకోండి, ఇలాజ్ అనుకోకండి.

తర్వాత ఆ ఎన్‌కోడర్‌ని ఊడదీసి, దాని రేకు మూతకున్న నాలుగు కొక్కేలు వంచి తెరిచి, అబ్బా వాడిన భూతద్దం కింద పెట్టినా. గుండ్రటి రేకు మీద కాళ్ళు నడిచిన చోట మెరుస్తూ గాడి కనబడింది, గోరుకి తగిలేంత. మూడు కాళ్ళలో ఒకటి మిగతా రెండింటికంటే కిందికి వాలిపోయి ఉంది. దాన్ని సూదితో వెంట్రుకవాసి పైకి వంచి మళ్ళీ పెడితే ఇంకొన్ని రోజులు నడుస్తుంది. కొందరు డబ్బా పక్కల్ని కొరకారుతో నొక్కి బిగిస్తారు, అదీ కొన్ని రోజులే. ఊళ్ళో కొత్త పార్టు దొరక్కపోతే, పరీక్ష ఫీజు కట్టే ఆఖరి రోజైతే, చేయండి. పక్కా మరమ్మత్ అని మాత్రం ఎవరికీ అమ్మకండి.

ఇంకో దారి చెప్పేవాళ్ళున్నారు. కంప్యూటర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ వేస్తే, కిందికి పోతుండగా క్షణంలో వచ్చిన ఎదురు దెబ్బని అది మింగేస్తుంది. పేజీ ఎగరదు. నిజమే, ఎగరదు. కానీ వినబడని టిక్కులు వినబడవు, గాడి పెరుగుతూనే ఉంటుంది, ఆ మౌస్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టగానే గుట్టు బయటపడుతుంది. ఆఫీసు కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ వేసే ఇజాజత్ మా భాంజీకి ఎవరిస్తారు?

కాబట్టి కొత్త ఎన్‌కోడర్. మా సత్యవేడు తమిళనాడు అంచున ఉంది. ఊత్తుకోట మీదుగా చెన్నై పోవడం మాకు జిల్లా కేంద్రానికి పోయినంత మామూలు. చెన్నైలో అన్నా సాలై పక్కన రిచీ స్ట్రీట్ ఉంది, ఎలక్ట్రానిక్ సామాను కావాలంటే మా వైపోళ్ళందరికీ అదే దిక్కు. పాత పార్టుని అగ్గిపెట్టెలో పెట్టుకుని పోయినా. "మౌస్ స్క్రోల్ ఎన్‌కోడర్" అని అడిగితే దుకాన్‌దార్ మొదట అడిగిన మాట: "ఎత్తు ఎంత?"

ఈ ఎత్తే అందరూ తప్పుచేసే చోటు. 7, 9, 11 మిల్లీమీటర్లవి, ఇంకా ఎత్తైనవి కూడా ఉంటాయి, చూడటానికి అన్నీ అన్నదమ్ములే. ఒక్క మిల్లీమీటర్ తేడా వచ్చినా చక్రం పక్కకి వాలి, చిప్పకి రాసుకుంటుంది, లేదా చక్రాన్ని నొక్కితే పనిచేయాల్సిన మధ్య బటన్ పనిచేయదు. అందుకని బోర్డు నుంచి డబ్బా నెత్తిదాకా ఎంతో, బోర్డు నుంచి ఆరు పలకల రంధ్రం మధ్యదాకా ఎంతో, రెండూ కొలిచి రాసుకోండి. అమ్మేవాళ్ళు ఒకరు ఒక కొలత చెబితే ఇంకొకరు ఇంకోటి చెబుతారు. అన్నిటికంటే మేలు పాత పార్టుని పక్కన నిలబెట్టి కంటితో సరిచూడటం. కాళ్ళ మధ్య దూరం, రంధ్రం సైజు కూడా అక్కడే తేలిపోతాయి. ఒక్కోటి ఇరవై రూపాయల లెక్కన ఐదు తీసుకున్నా. బస్సు ఖర్చా పార్టుల ఖర్చా కంటే ఎక్కువైంది, దాచుకోను. అందుకే ఒకటి కొనడానికి పోవద్దంటాను. మొహల్లాలో నలుగురివి కలిపి తెచ్చుకోండి.

ఊడదీయడంలో తొందరపడితే బోర్డు పోతుంది. కంపెనీవాళ్ళు వేసిన సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మనం బజార్లో కొనే సీసం కలిసినది 183 దగ్గరే మెత్తబడుతుంది. కాబట్టి ముందు ప్రతి కాలు మీదా మన టంకం కొంచెం కలపాలి. అప్పుడు పాతది కూడా సులువుగా కరుగుతుంది. 25 వాట్ల ఇనుము చాలు. కరిగిన టంకాన్ని రాగి అల్లిక పట్టీతో పీల్చేయాలి. మూడు కాళ్ళే కాకుండా డబ్బాని పట్టి ఉంచే రెండు రేకు చెవులుంటే వాటినీ విడిపించాలి. పార్టు తనంతట తాను ఊగేదాకా సబర్ చేయాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోస్తే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. ఒక్కో కాలు దగ్గర మూడు నాలుగు సెకన్లకు మించి ఇనుము పెట్టకండి. కొత్తది బోర్డుకి పూర్తిగా ఆనుకుని కూర్చుందని చూసి, ముందు ఒక్క కాలికి టంకం వేసి, చక్రం పెట్టి నిటారుగా ఉందని చూసుకుని, తర్వాత మిగతావి వేయాలి. కిటికీ తెరిచి పెట్టుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసం కడుపులోకి పోకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలే పోకూడదు.

పెట్టినాక చక్రం ప్రతిసారీ, వందకి వందసార్లూ, తలకిందులుగా తిరిగితే భయపడకండి. అది అరుగుదల కాదు. కొత్త పార్టులో పెద్దోడు చిన్నోడు చోటు మారి కూర్చున్నారని అర్థం. వేరే రకం పార్టు తేవాలి.

ఆదివారం భాంజీతోనే చివరి మూడు కాళ్ళకి టంకం వేయించినా. చెయ్యి వణికింది, మొదటి చుక్క ముద్దగా పడింది, తీసేసి మళ్ళీ వేసింది. `100 / 0`. ఇప్పటికి ఏడు వారాలైంది. ప్రతి వారం రాస్తూనే ఉంది. రెండో అంకె సున్నా నుంచి కదల్లేదు.

ఇప్పుడు నా మీదికి వచ్చే మాటలకి జవాబ్ చెబుతా. "మూడొందలకి కొత్త మౌస్ వస్తుంటే ఇంత కష్టమెందుకు?" అని మా సాలా అడిగినాడు. హిసాబ్ చూద్దాం. దుకాణంలో మెకానిక్‌కి గంట కూలి ఇచ్చి చేయించుకుంటే మామూలు మౌస్‌కి గిట్టుబాటు కాదు, ఒప్పుకుంటా. ఇరుసు పలకలే అరిగి గుండ్రంగా అయిపోతే కొత్త ఎన్‌కోడర్ పెట్టినా చక్రం జారుతుంది, అప్పుడూ వదిలేయండి. బోర్డు మీద రాగి గీతలు లేచిపోయినా అంతే. కానీ పారేసే ముందు దానిలోని ఎన్‌కోడర్ బాగుంటే ఊడదీసి దాచండి. వైరు తెగి మూలపడ్డ మౌస్‌లో చక్రం బాగుంటుంది, చక్రం చెడిన దానిలో వైరు బాగుంటుంది. రెండు బేకార్ మౌస్‌లు కలిస్తే ఒక బాగున్న మౌస్. ఇరవై రూపాయల పార్టు కోసం మిగతా మొత్తం పారేయడాన్ని మన ఇళ్ళల్లో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. అన్నం మెతుకు కింద పడితే ఏరుకునే దస్తర్‌ఖాన్ మనది. ఇస్రాఫ్ అన్న మాట వంటింటికే రాసిపెట్టలేదు.

రెండో మాట నన్ను ఎక్కువ నొప్పించింది. "ఆడపిల్లకి టంకం పని నేర్పుతావా, రేపు రిపేరోళ్ళ పిల్ల అంటారు" అన్నారు ఒక పెద్దాయన. చాచా, మీ పెళ్ళిలో పాట మోగింది మా అబ్బా బాగుచేసిన మైకులోంచి. గడియారాలు, సైకిళ్ళు, రేడియోలు, మోటార్లు బాగుచేసి పిల్లల్ని చదివించిన ఇళ్ళు మన మొహల్లాలో ఎన్ని ఉన్నాయో వేళ్ళమీద లెక్కపెట్టండి, వేళ్ళు చాలవు. ఆ హునర్‌తో పెరిగి, ఇప్పుడు దాన్నే నామోషీ అంటున్నాం. మన పక్కనే శ్రీసిటీ ఉంది. 2015లో అక్కడి ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు తయారవడం మొదలైంది. మన చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు, మగపిల్లలు బస్సుల్లో పోయి ఆ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. కంపెనీలో కూర్చుని బోర్డు ముట్టుకుంటే ఉద్యోగం, ఇంట్లో కూర్చుని అదే ముట్టుకుంటే నామోషీనా?

మూడో మాట ఆ ఆఫీసు పెద్దలకి. పేరు రాయను, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. మనిషి ధ్యాస మీద ఇల్జామ్ వేసేముందు పరికరాన్ని వంద తిప్పండి. రెండు నిమిషాల పని. మా భాంజీ ఆ కొలతలు రాసిన కాగితం, గాడి పడ్డ పాత పార్టు ఉన్న అగ్గిపెట్టె తీసుకుపోయి పైవాళ్ళకి చూపించింది. పెట్టె తెరిచి చూశారు, మూసి ఇచ్చేశారు. "సరేలే, ఇకనుంచి ఆఫీసు మౌసే వాడు" అన్నారు. ఆ ఆఫీసు మౌస్‌ని కూడా వంద తిప్పింది మా పిల్ల. `97 / 2`. అది కూడా కాగితం మీద రాసి, తేదీ వేసి, వాళ్ళ టేబుల్ మీద పెట్టి వచ్చింది.

రెండు రోజుల జీతం ఇంకా రాలేదు. అడుగుతూనే ఉంటాం. అగ్గిపెట్టె పారేయలేదు.